గల్ఫ్ పైకం: లెక్కకు రాని భాగం

తెలుగువాళ్లు విదేశాల నుంచి ఇంటికి పంపిన డబ్బు గురించి మనకు అలవాటైపోయిన కథ ఒకటుంది. 1973లో చమురు ధర పెరిగింది, గల్ఫ్ దారి తెరుచుకుంది, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో డాబాలు లేచాయి, వచ్చిన డబ్బు బంగారానికీ పెళ్లిళ్లకూ పోయింది, అసలు పెద్ద మొత్తాలు 1990ల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతోనే మొదలయ్యాయి. పత్రికల్లోనూ ఉపన్యాసాల్లోనూ ఇదే తిరుగుతూ ఉంటుంది. ఇందులో రెండు చోట్ల నాకు అభ్యంతరం ఉంది. 1990ల పెరుగుదలకు చెప్పే కారణం తేదీలకు సరిపడదు. డబ్బు దుబారా అయిందనే మాటేమో, ఆ డబ్బులో మొదటి వాటా ఎవరి చేతికి పోయిందో అడగకుండా చెప్పిన తీర్పు.

తొలి దశలు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన కూలీలను బర్మాలో కోరంగీలు అనేవారు. బియ్యం మిల్లుల్లోనూ ఓడరేవులోనూ పనిచేశారు. మేస్త్రీ ముందుగా ఇచ్చిన బయానా తీరేదాకా వాళ్ల కూలిలో కొంత అతనికే పోయేది. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. అందువల్ల అక్కడి నుంచి శ్రీకాకుళానికో గోదావరి జిల్లాకో వచ్చిన మనియార్డరు విదేశీ ధనంగా ఏ పద్దులోనూ పడలేదు. 1930 నాటి రంగూన్ అల్లర్లు, 1942 నాటి జపాన్ దాడి ఆ దారిని మూసేశాయి.

అరబ్బు దేశాలతో మన సంబంధం కూడా 1973లో పుట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో డబ్బు ఎదురు దిశలో నడిచింది. యెమెన్ తీరంలోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు హైదరాబాదు సంపాదనను తమ ఊళ్లకు పంపేవారు. నిజాం దగ్గర జమేదారుగా ఉన్న అల్ ఖుఐతీ కుటుంబం ఇక్కడి ధనబలంతోనే అక్కడ రాజ్యం స్థాపించింది. బార్కస్‌లో ఇప్పటికీ ఉన్న కుటుంబాలు ఆ సైనికుల సంతతే.

ఇక వివాదం ఉన్న కాలానికి వస్తాను. 1990-91లో ప్రవాసుల నుంచి భారత్‌కు వచ్చినట్లు రిజర్వు బ్యాంకు నమోదు చేసిన డబ్బు సుమారు 200 కోట్ల డాలర్లు. 1996-97 నాటికి అది 1,200 కోట్లు దాటింది. ఆరేళ్లలో ఆరు రెట్లు. దీన్ని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఖాతాలో వేసేవాళ్లు ఒక సంగతి చూడాలి. అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 1998 దాకా 65,000 మాత్రమే, అదీ అన్ని దేశాలకూ కలిపి. అది పెరిగింది 1999 ఆర్థిక సంవత్సరం నుంచే. పెరుగుదలేమో అంతకుముందే వచ్చేసింది. గల్ఫ్‌లో అయినా ఆ ఆరేళ్లలో మనవాళ్ల సంఖ్యో జీతాలో ఆరు రెట్లు కాలేదు. పైగా ఆ కాలం మొదట్లోనే ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో లక్షన్నరకు పైగా భారతీయులు ఉన్నపళంగా తిరిగొచ్చారు.

అయితే అంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? అందులో పెద్ద భాగం అంతకుముందూ వస్తూనే ఉందని, కాకపోతే బ్యాంకు గుండా రాలేదని నా వాదన. దానికి మూలం బంగారం మీది ఆంక్షలు.

హుండీ నడిచే తీరు చూస్తే ఇది తేటపడుతుంది. దుబాయ్‌లో కూలీ తన దిర్హాములను ఒక మనిషికి ఇస్తాడు. ఆ మనిషి మెట్‌పల్లిలోనో కోరుట్లలోనో ఉన్న తన జతగాడికి కబురు చేస్తాడు. ఒకటి రెండు రోజుల్లో కూలీ భార్య చేతికి రూపాయలు అందుతాయి, అదీ బ్యాంకు ఇచ్చే రేటు కంటే ఎక్కువగా. ఫారం నింపే పని లేదు, పట్నం పోయే పని లేదు. దిర్హాములు మాత్రం సరిహద్దు దాటవు, అవి దుబాయ్‌లోనే ఉండిపోతాయి. వాటితో అక్కడే బంగారం కొని దొంగదారిన ఇక్కడికి చేర్చి అమ్మితే వచ్చే రూపాయలతోనే పల్లెలో చెల్లింపు జరుగుతుంది.

1968 నాటి బంగారు నియంత్రణ చట్టం, దిగుమతి మీది నిషేధం, 1973 నాటి విదేశీ మారక చట్టం కలిసి దేశంలో బంగారం ధరను బయటి ధర కంటే చాలా పైన నిలబెట్టాయి. ఆ తేడాలోంచే హుండీ వ్యాపారి కూలీకి మంచి రేటు ఇవ్వగలిగాడు. ఈ బంధం వలసల కంటే కూడా పాతది. ఒకప్పుడు గల్ఫ్‌లో మన రూపాయే చెలామణీ అయ్యేది. బంగారం దొంగరవాణాకు రూపాయలు అటు తరలిపోయి, వాటికి బదులు విదేశీ మారకం చెల్లించాల్సి రావడంతో 1959లో భారత ప్రభుత్వం గల్ఫ్ కోసం విడిగా నోట్లు తేవలసి వచ్చింది.

ఇప్పుడు తేదీలు చూడండి. 1990లో బంగారు నియంత్రణ చట్టం రద్దయింది. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించారు. 1992లో తిరిగొచ్చే ప్రవాసులు సుంకం కట్టి ఐదు కిలోల దాకా బంగారం తెచ్చుకోవచ్చన్నారు. అదే ఏడాది మార్చి నుంచి, పంపిన డబ్బులో 60 శాతానికి మార్కెట్ రేటు దొరికింది. 1993లో అధికారిక రేటూ మార్కెట్ రేటూ ఒకటయ్యాయి. ఒక్కో అడుగుతో హుండీకీ బ్యాంకుకూ మధ్య తేడా తగ్గుతూ వచ్చింది, ఆ మేరకు బ్యాంకు అంకెలు పైకి లేచాయి.

ఈ వాదనకు హద్దులున్నాయి. ప్రవాసులు సామానుతో తెచ్చిన బంగారాన్ని కూడా 1992-93 నుంచి ఇదే పద్దులో చూపడం మొదలైంది. ఎన్నారై డిపాజిట్ల నుంచి ఇక్కడే తీసుకుని ఖర్చు పెట్టిన సొమ్మూ ఇందులో కలిసింది. కాబట్టి పెరుగుదలలో కొంత భాగం కేవలం లెక్కలు రాసే పద్ధతి మారినందువల్లే. హుండీ ఎంత నడిచిందో తేల్చే పుస్తకం లేదు కాబట్టి ఫలానా శాతం అని నేను చెప్పను. తేదీల వరస మాత్రం నా పక్షాన ఉంది. ఆ వరసను బట్టి 1980ల్లో తెలంగాణ పల్లె దేశానికి ఇచ్చింది, పుస్తకాల్లో కనిపించిన దానికంటే చాలా ఎక్కువ.

ఇక దుబారా సంగతి. రిజర్వు బ్యాంకు 2016-17 సర్వే ప్రకారం దేశానికి వచ్చిన డబ్బులో 59.2 శాతం కుటుంబ పోషణకు, 20 శాతం బ్యాంకు డిపాజిట్లకు, 8.3 శాతం భూమి, ఇళ్ల స్థలాలు, షేర్లకు పోయింది. ఈ జవాబులు చెప్పింది బ్యాంకులు, ఇళ్లు కాదు. అప్పు తీర్చడం అనే పద్దు అందులో విడిగా లేదు. గల్ఫ్ కూలీ ఇంట్లోనైతే మొట్టమొదటి పద్దు అదే.

ఒక లెక్క వేసి చూద్దాం. వీసాకూ టికెట్‌కూ కలిపి ఏజెంటుకు 80,000 రూపాయలు కట్టాడనుకుందాం. అది నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. జీతం 800 దిర్హాములు, తిండికీ ఫోనుకూ పోగా నెలకు 450 పంపుతాడు. దిర్హాముకు 19 రూపాయల చొప్పున 8,550 రూపాయలు. ఇంటి ఖర్చుకు 4,000 ఉంచుకుని మిగతా 4,550 అప్పుకు కడతారు. మొదటి నెల కట్టిన దాంట్లో 2,400 మిత్తికే పోతుంది. ఒక్క నెల కూడా తప్పకుండా కట్టుకుంటూ వచ్చినా, రెండేళ్ల ఒప్పందం ముగిసేనాటికి 1,09,200 కట్టి ఉంటారు, ఇంకా ఆరువేల దాకా బాకీ మిగులుతుంది. అందుకే మొదటి రెండేళ్లతో ఎవరూ తిరిగి రారు. మధ్యలో కంపెనీ రెండు నెలల జీతం ఆపితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. అప్పుడే చాలామంది కంపెనీ వదిలి ఖల్లివల్లి అవుతారు, అంటే కాగితాలు లేకుండా బయట పనిచేసే మనుషులవుతారు.

చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, పన్నుతో కలిపి 35,400. అంతే తీసుకుని ఉంటే, అదే మిత్తికి తెచ్చినా, అదే మనిషి తొమ్మిది నెలల్లో అప్పు తీర్చేవాడు. మిగిలిన పదిహేను నెలల్లో 68,000 రూపాయలు వెనకేసేవాడు. దుబారా ఎక్కడుందని అడిగేవాళ్లు ఈ రెండు లెక్కల మధ్య తేడాను చూడాలి. బర్మా మేస్త్రీ బయానాలోనూ ఇదే ఉంది, బయల్దేరక ముందే కూలి తాకట్టు పడటం.

ఈ అప్పు తీరాకే డాబా. దాన్ని దుబారా అనడం కూడా నాకు నచ్చదు. ఊళ్లో మేస్త్రీకి, వడ్రంగికి, ఇసుక బండివాడికి కూలి ముట్టింది ఆ ఇంటి వల్లే. మరో పూచీకత్తు లేని కుటుంబానికి రేపు అప్పు పుట్టేదీ ఆ ఇంటి మీదే. బోరు వేసినవాళ్లను అంత గట్టిగా సమర్థించలేను. నీళ్లు పడనప్పుడు ఆ బోరే మళ్లీ ఏజెంటు గడప తొక్కించింది. ఈ డబ్బు వచ్చినా ఆ పల్లెల్లో మరో ఉపాధి లేచి నిలబడలేదు. తండ్రి దుబాయ్ వెళ్లిన ఇంటి నుంచి కొడుకూ దుబాయ్ వెళ్లడం జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇప్పటికీ మామూలే.

ఇప్పటి స్థితి మీద నా అసంతృప్తి అంకెలతోనే. 2023-24లో దేశానికి 11,870 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. పంపిన దేశాల్లో 27.7 శాతంతో అమెరికా మొదటిది, ఎమిరేట్స్ రెండోది. ఈ 8.1 శాతం చూసి గర్వపడేముందు ఒకటి గమనించాలి. గచ్చిబౌలిలో ఫ్లాటు వాయిదాకు వచ్చే డాలర్లూ, కోరుట్లలో మిత్తికి పోయే దిర్హాములూ ఆ ఒక్క అంకెలో కలిసిపోయాయి. కువైట్ ఇళ్లల్లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు పంపే దీనార్లకు ఆంధ్ర అంకెలోనూ అదే గతి. పెద్ద జీతాల వెలుగులో చిన్న జీతాలు కనబడకుండా పోతున్నాయి, విధానాలు కూడా పెద్ద జీతాలను చూసే తయారవుతున్నాయి.

కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. 1998లో తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం ఇంటింటికీ వెళ్లి వలసల సర్వే మొదలుపెట్టింది, అది అప్పటి నుంచి సాగుతూ వస్తోంది. అందుకే అక్కడి వాదోపవాదాలకు పాతికేళ్లకు పైగా ఆధారాలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటి వరుస సర్వే లేదు. ఆ పని రెండు ప్రభుత్వాలూ ఇప్పుడైనా మొదలుపెట్టాలి. ప్రశ్నావళిలో ఎంత వచ్చింది అన్న ప్రశ్న కంటే ముందు, వెళ్లడానికి ఎంత అప్పు చేశారు, ఎంత మిత్తికి, అది తీరడానికి ఎన్ని నెలలు పట్టింది అన్న మూడు ప్రశ్నలు ఉండాలి.