అపార్ట్‌మెంట్‌లో సంగీత గది: ఫోమ్ అంటిస్తే పక్కింటికి శబ్దం ఆగుతుందా?

హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాట్ ఉందనుకుందాం. ఆ ఇంటి అమ్మాయి మృదంగం నేర్చుకుంటోంది. సాధన చేసే గది పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. పొడవాటి గోడకు అవతల పక్క ఫ్లాట్ వాళ్ల పడక గది ఉంది. వాళ్లు ఇబ్బంది పడుతున్నారని తెలిసి, ఈ కుటుంబం ఆన్‌లైన్‌లో అంగుళం మందం ఫోమ్ పలకలు తెప్పించి గోడ నిండా అంటించింది. గదిలో ప్రతిధ్వని తగ్గింది, వాయిద్యం నాదం కొంచెం పొడిబారినట్టయింది. పక్కింటికి మాత్రం మునుపటిలాగే వినిపిస్తోంది.

ఇక్కడ రెండు వేర్వేరు పనులను ఒకటే అనుకోవడం వల్ల పొరపాటు జరిగింది. గదిలోని ప్రతిధ్వనిని పీల్చుకోవడం ఒక పని, శబ్దం గోడ దాటకుండా ఆపడం మరో పని. గాలి చొరబడే మెత్తటి వస్తువులు మొదటి పని చేస్తాయి. రెండో పనికి బరువు కావాలి, సందులు లేకపోవడం కావాలి. ఫోమ్‌కు బరువు లేదు. పైగా అంగుళం మందం ఫోమ్ పై స్థాయి ధ్వనులనే పీల్చుకుంటుంది. మృదంగం ఎడమ వైపు నుంచి వచ్చే లోతైన ధ్వనిని అది దాదాపు తాకనే తాకదు. గోడ దాటి పక్కింటివాళ్లను లేపేది ఆ ధ్వనే.

ముందు దారి కనిపెట్టాలి

ఖర్చు పెట్టే ముందు శబ్దం ఏ దారిన వెళ్తోందో తెలుసుకోవాలి. వాయిద్యం రికార్డింగును స్పీకర్‌లో పెట్టి, సాధన సమయంలో ఉండేంత స్థాయికి తేవాలి. పక్కింటివాళ్ల అనుమతితో వాళ్ల పడక గదిలో కూర్చుని వినాలి. ముందు కిటికీలు తెరిచి, తర్వాత మూసి, ఆ తర్వాత గోడకు చెవి ఆనించి వినాలి. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ చూపే అంకె కచ్చితం కాదు. అయినా ఒకే ఫోన్‌తో రెండు చోట్లా కొలిస్తే తేడా ఎంతో సుమారుగా తెలుస్తుంది. ఫోన్ మైకులు లోతైన ధ్వనులను తక్కువ చేసి చూపుతాయి కాబట్టి చెవి చెప్పేదాన్నే ఎక్కువగా నమ్మాలి.

కిటికీ మూయగానే శబ్దం బాగా తగ్గితే అసలు దారి గోడ కాదు. మన అపార్ట్‌మెంట్లలో రెండు ఫ్లాట్ల కిటికీలు ఒకే డక్టులోకి, కొన్ని అడుగుల దూరంలో తెరుచుకోవడం మామూలే. జరిపే కిటికీల రెక్కల మధ్య ఎప్పుడూ కొంత సందు ఉంటుంది. అలాంటి చోట పాత కిటికీకి లోపలి వైపు, నాలుగైదు అంగుళాల ఎడంతో, గట్టిగా బిగుసుకునే రెండో కిటికీ పెట్టించాలి. గోడకు చేసే ఏ పనికన్నా ఇదే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

తలుపుదీ ఇదే కథ. మూడడుగుల తలుపు కింద అర అంగుళం సందు ఉంటే, అది తలుపు వైశాల్యంలో ఒక శాతం కూడా కాదు. కానీ ఆ సందు మూసే దాకా, తలుపు ఎంత మందంగా ఉన్నా 22 డెసిబెల్స్‌కు మించి శబ్దాన్ని ఆపలేదు. చౌకట్టు చుట్టూ రబ్బరు పట్టీ, కింద మూయగానే దిగే సీలు పెట్టించాక తలుపు మార్చాలా వద్దా అని ఆలోచించవచ్చు.

ఉమ్మడి గోడలో రెండువైపులా స్విచ్ బోర్డులు ఉన్నాయేమో కూడా చూడాలి. నాలుగంగుళాల గోడను ఇటూ అటూ చెక్కి పెట్టెలు బిగిస్తే మధ్యలో ఇటుక మిగలదు. ఆ చోట మాటలు కూడా వినిపిస్తుంటే, కారణం చాలాసార్లు ఇదే.

గోడకు రెండో గోడ

ఈ సందులన్నీ మూసినా శబ్దం వెళ్తుంటే, అప్పుడు గోడ సంగతి. దగ్గరగా కూర్చుని వాయించే మృదంగం గదిలో 90 డెసిబెల్స్ దాకా చేరుతుందనుకుందాం. రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగంగుళాల ఇటుక గోడ సుమారు 40 నుంచి 45 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అవతల 45 నుంచి 50 మిగులుతుంది. రాత్రి పడక గదిలో ఇది స్పష్టంగా వినిపించే స్థాయి.

గోడ బరువు రెట్టింపు చేసినా అదనంగా తగ్గేది ఐదారు డెసిబెల్స్ మాత్రమే. పైగా ఆ గోడకు ఇంకో నాలుగంగుళాల ఇటుక వరస కడితే స్లాబుపై అదనంగా సుమారు రెండు టన్నుల బరువు పడుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు అనుమతి లేకుండా ఆ పని చేయకూడదు. దానికి బదులు, పాత గోడను ఎక్కడా తాకకుండా, అంగుళం ఎడంతో లోహపు ఫ్రేము నిలబెడతారు. లోపల రాక్‌వూల్ నింపి, ముందు రెండు పొరల జిప్సం బోర్డు బిగించి, అంచులన్నీ సీలెంట్‌తో మూస్తారు. ఇది మొత్తం మూడు వందల కిలోల లోపే ఉంటుంది. గదిలో సుమారు ఐదంగుళాలు పోతాయి.

ఇక్కడ పొదుపు చేయబోతే ఫలితం తిరగబడుతుంది. స్థలం పోతుందని పాత గోడకు అంగుళం ఎడంలో ఒకే పొర బోర్డు పెడితే, బోర్డూ దాని వెనుక గాలీ కలిసి స్ప్రింగులా ఊగుతాయి. సుమారు 125 హెర్ట్జ్ దగ్గర, అంటే మృదంగం లోతైన ధ్వనులు ఉండే ప్రాంతంలోనే, గోడ మునుపటికన్నా బలహీనపడుతుంది. రెండు పొరల బోర్డు, మొత్తం నాలుగంగుళాల ఖాళీ ఉంటే ఆ బలహీనత 40 హెర్ట్జ్ దాకా దిగిపోతుంది. ఒక్క స్క్రూ పాత గోడలోకి వెళ్లినా ప్రకంపనలకు వంతెన దొరికినట్టే.

ఇంత చేసినా పెద్ద తగ్గుదల ఆశించకూడదు. స్లాబు, స్తంభాలు రెండు ఫ్లాట్లకూ ఉమ్మడివే. వాటి గుండా కొంత శబ్దం చుట్టుతిరిగి వెళ్తుంది. కాబట్టి నిజంగా దక్కేది ఎనిమిది, పది డెసిబెల్స్ అనుకోవడం మంచిది. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు తోస్తుంది. మన ఉదాహరణలో అవతల 40 దగ్గరికి వస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంటే ఆ మృదంగం చాలావరకు దాని చప్పుడులో కలిసిపోతుంది.

కింది ఇంటి సమస్య వేరు

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయించినా కింది అంతస్తు నుంచి ఫిర్యాదు రావచ్చు. పెడల్ దెబ్బ గాలి ద్వారా కాదు, నేరుగా స్లాబులోకి వెళ్తుంది. గోడలకు చేసిన పని దీనికి పనికిరాదు. రబ్బరు లేదా స్ప్రింగు దిమ్మెలపై చెక్క వేదిక కట్టి, దాన్ని గోడలకు తాకకుండా ఉంచాలి. నేలపై పెట్టే స్పీకర్లకూ ఇదే సూత్రం.

గది బిగుసుకున్నాక గాలి సంగతి చూసుకోవాలి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తీసుకురాదు. గంటకోసారి తలుపు తెరవాలి, లేదంటే లోపల రాక్‌వూల్ పూసిన, వంకర తిరిగిన గాలి గొట్టం పెట్టించాలి.

గడియారమూ ప్రణాళికలో భాగమే

శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ప్రైవేటు వాయిద్యాల శబ్దం ఇంటి సరిహద్దు దగ్గర ఈ పరిమితిని ఐదు డెసిబెల్స్‌కు మించి దాటకూడదు.

ఇల్లు ఇంకా ఎంచుకోకపోతే చౌకైన ఉపాయం ఒకటుంది. పక్కింటి పడక గదిని ఆనుకున్న గదిని కాకుండా, మెట్లనో లిఫ్టునో వంటగదినో ఆనుకున్న గదిని సాధనకు కేటాయించాలి. రెండో గోడతో దక్కే పది డెసిబెల్స్ కన్నా ఎక్కువ లాభం ఆ ఒక్క నిర్ణయంలో ఉండవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.