తల్లిపాలు చాలుతున్న గుర్తులు: ఇంట్లో తొలి వారం

పసిబిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుకంటే తడిసిన గుడ్డలే సరిగ్గా చెబుతాయి. 5వ రోజు నుంచి రోజుకు కనీసం 6 సార్లు, లేత రంగులో మూత్రం పోయాలి. మొదట నల్లగా, జిగటగా వచ్చే దొడ్డి పాలు పడేకొద్దీ ఆకుపచ్చకు తిరిగి, 5వ రోజుకల్లా పసుపు రంగులో పలచగా, రోజుకు 3, 4 సార్లు అవుతుంది. దీన్ని విరేచనాలనుకుని పాలు ఆపకూడదు. అప్పటికీ నల్లగానే ఉన్నా, గుడ్డమీద ఇటుకరంగు మరక పడుతున్నా పాలు తక్కువైనట్టు అనుమానించాలి. చప్పరిస్తుంటే సరిపోదు, మధ్యమధ్య గుటక వినబడాలి. తొలి రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే. 3 కిలోలతో పుట్టిన బిడ్డ 300 గ్రాములు తగ్గినా, పాలకు లేవకుండా మగతగా పడుకున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఏడవని బిడ్డ కడుపు నిండిందనుకోవడం ప్రమాదం.