పదహారు తీగలా, పద్నాలుగా?

ఏప్రిల్ 7 అంటే సిస్టమ్/360ని తలుచుకోవాలి. 1964లో ఆ రోజున ఐబీఎం ఒక యంత్రాన్ని కాదు, ఒక కుటుంబాన్నే ప్రకటించింది. చిన్న మోడల్ మీద రాసిన ప్రోగ్రాం పెద్ద మోడల్ మీద కూడా నడుస్తుందన్నది అప్పట్లో అరుదైన వాగ్దానం. పుట్టినరోజు వ్యాసాల్లో అందరూ రాసేది ఆ కంపెనీ కాసిన వందల కోట్ల డాలర్ల పందెం గురించే. నాకు మాత్రం ఆ డబ్బు కథకన్నా అందులో దాగిన ఓ చిన్న లెక్క అంటే ముద్దు.

బైటు బైటుకీ అడ్రసు ఉన్న యంత్రానికి 64 కిలోబైట్ల మెమరీ ఉంటే ఎన్ని అడ్రస్ లైన్లు కావాలి? బీటెక్ రెండో ఏడాది పిల్లలెవరిని అడిగినా పదహారని ఠక్కున చెబుతారు. ఈ కుటుంబంలో మాత్రం అదే 64 కిలోబైట్లకు ఒక మోడల్‌లో పదహారు, ఇంకో మోడల్‌లో పదిహేను, మరో దాంట్లో పద్నాలుగు సరిపోతాయి. మూడూ సరైన జవాబులే. ఎలాగన్నదే ఈ కథ.

అంతకుముందు కాలాన్ని నాలుగు మాటల్లో దాటేద్దాం. మెమరీలో ఒక్కో చోటుకు ఒక్కో నంబరుంటుంది. ఆ నంబరును బైనరీలో చెప్పడానికి ఎన్ని బిట్లు కావాలో అన్ని తీగలు, అంటే అన్ని అడ్రస్ లైన్లు. లైన్లు n అయితే చోట్లు 2^n. 1954 నాటి ఐబీఎం 704లో చోటు అంటే 36 బిట్ల వర్డ్, అడ్రసు 15 బిట్లు, కాబట్టి వర్డ్‌లు 32,768. లెక్క అక్కడితో సరి, తికమక లేదు. మన హైదరాబాదులో ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 కూడా ఈ పాత సంప్రదాయానికి చెందినదే. దాని వర్డ్ 12 బిట్లు.

చిక్కంతా అక్షరాలతో వచ్చింది. అప్పట్లో అక్షరానికి ఆరు బిట్లు చాలు, అందుకే 36 బిట్ల వర్డ్‌లో ఆరు అక్షరాలు ఒదిగేవి. కానీ వరసలో వందో అక్షరం ఎక్కడుందో తెలియాలంటే వందను ఆరుతో భాగించాలి. భాగఫలం వర్డ్ నంబరు, శేషం ఆ వర్డ్‌లో దాని స్థానం. బైనరీ యంత్రానికి ఆరుతో భాగహారం ఊరికే రాదు, అందుకు పని చేయాలి. ప్రతి అక్షరానికీ ఆ పని చేస్తూ కూర్చుంటే జీతాల పట్టీ తెల్లారేదాకా తేలదు.

బైటు అనే మాటను 1956లో స్ట్రెచ్ యంత్రం మీద పనిచేస్తుండగా వెర్నర్ బుక్‌హోల్జ్ పుట్టించాడు. అయితే దానికి ఎన్ని బిట్లు ఉండాలన్నది అప్పటికి తేలలేదు. సిస్టమ్/360కి రూపం ఇచ్చిన జీన్ ఆమ్డాల్, గెరిట్ బ్లావ్, ఫ్రెడ్ బ్రూక్స్ ల ముందుకు ఆ పంచాయితీ మళ్ళీ వచ్చింది. ఆరు బిట్లయితే మెమరీ ఆదా అవుతుంది, అప్పటి మెమరీ బంగారం ధర. ఎనిమిదైతే చిన్న బడి అక్షరాలకూ చోటుంటుంది, ఒక్కో బైటులో రెండు దశాంశ అంకెలు సరిగ్గా ఇముడుతాయి. ఎనిమిదే గెలిచింది. తన నిర్ణయాలన్నిటిలోకీ అదే ముఖ్యమైనదని బ్రూక్స్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. కాగితం మీద అది అక్షరాల గురించిన నిర్ణయం. దానివల్ల తీగల లెక్క ఎంత తేలికైందో చూడండి.

వర్డ్ అంటే 32 బిట్లు, నాలుగు బైట్లు. అడ్రసు మాత్రం వర్డ్‌కు కాదు, ప్రతి బైటుకూ. నాలుగు వాటాల ఇల్లు అనుకోండి. నంబర్లు వాటాలకు ఉన్నాయి, ఇంటికి వేరే నంబరు లేదు. మొదటి వాటా నంబరే ఇంటి నంబరు. అందుకే వర్డ్‌ల అడ్రసులు 0, 4, 8, 12 అంటూ నాలుగేసి చొప్పున నడుస్తాయి. ఇక బైటు అడ్రసునుంచి వర్డ్‌ను తెలుసుకోవాలంటే నాలుగుతో భాగించాలి. బైనరీలో నాలుగుతో భాగించడమంటే చివరి రెండు బిట్లను పక్కన పెట్టడమే. దానికి సర్క్యూటు అక్కర్లేదు. రెండు తీగల్ని మెమరీ వైపు పోనివ్వకుండా మరో దిక్కుకు మళ్ళిస్తే భాగహారం పూర్తయినట్టే. ఆరుతో ఈ వైభవం రాదు, మూడుతోనూ రాదు. 24 బిట్ల వర్డ్‌లో మూడు బైట్లు పెట్టుకుని బైటు బైటుకీ అడ్రసు ఇచ్చిన యంత్రంలో ఏ తీగను తీసేసినా వర్డ్ నంబరు తేలదు.

ఇప్పుడు ఆ మూడు మోడల్స్ దగ్గరకు వద్దాం. ప్రోగ్రామర్‌కు అన్నీ ఒకేలా కనిపించేవి: ఎనిమిది బిట్ల బైటు, 32 బిట్ల వర్డ్, 24 బిట్ల అడ్రసు. కానీ లోపల మెమరీ వెడల్పు మోడల్‌ను బట్టి మారేది. చౌకరకం మోడల్ 30 ఒక్కసారికి ఒక్క బైటే తెచ్చుకునేది. మోడల్ 40 రెండు బైట్లు, మోడల్ 50 నాలుగు, ఆ తర్వాత వచ్చిన మోడల్ 65 ఎనిమిది. వాగ్దానం ఒక్కటే, స్తోమతు ఎవరిది వాళ్ళది.

64 కిలోబైట్లంటే 65,536 బైట్లు. మోడల్ 30కి ఇవి 65,536 చోట్లు, కాబట్టి 16 లైన్లు. మోడల్ 40కి రెండేసి బైట్ల చోట్లు 32,768, కాబట్టి 15. మోడల్ 50కి 16,384, కాబట్టి 14. మరి మిగిలిన తీగలు ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. మోడల్ 50లో పద్నాలుగు బిట్లు చోటును ఎంచుతాయి, మిగిలిన రెండు ఆ చోటులోని నాలుగు బైట్లలో ఏది కావాలో చెబుతాయి. పద్నాలుగూ రెండూ కలిపితే మళ్ళీ పదహారే.

9322 నంబరు బైటు కావాలనుకుందాం. మోడల్ 30 నేరుగా 9322వ చోటుకే వెళ్తుంది. మోడల్ 40కి 9322ను రెండుతో భాగిస్తే 4661, శేషం సున్నా, అంటే 4661వ చోటులో మొదటి బైటు. మోడల్ 50కి నాలుగుతో భాగిస్తే 2330, శేషం రెండు. 2330వ చోటులోని నాలుగు బైట్లనూ తెచ్చుకుని మూడోదాన్ని ఏరుకుంటుంది.

అది కోర్ మెమరీ కాలం. చిన్న అయస్కాంత వలయాల్లో బిట్లు దాచేవాళ్ళు, చదివితే ఉన్నది చెరిగిపోయేది, అందుకే చదివిన వెంటనే తిరిగి రాయాలి. ఒక్క బైటును మార్చాలంటే మోడల్ 50 నాలుగింటినీ చదివి, తిరిగి రాసే సగంలో ఆ ఒక్కదాని స్థానంలో కొత్తది పెట్టి, మిగతా మూడింటినీ ఉన్నవి ఉన్నట్టు వెనక్కి పంపేది. ఎలాగూ రాయాల్సిందే కదా!

ఇక 9322 దగ్గర మొదలయ్యే నాలుగు బైట్ల వర్డ్ కావాలని ప్రోగ్రాం అడిగితే? 9322 నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడదు. మోడల్ 50లో ఆ వర్డ్ సగం 2330లో, సగం 2331లో పడుతుంది, అంటే రెండు సార్లు తిరగాలి. సిస్టమ్/360 అందుకు ఒప్పుకోలేదు. వర్డ్ అడ్రసు చివరి రెండు బిట్లు సున్నాలు కాకపోతే స్పెసిఫికేషన్ ఎక్సెప్షన్ అని ప్రోగ్రాంను ఆపేసేది. నాకు బాగా నచ్చేది ఏమిటంటే, ఒక్కో బైటే తెచ్చుకునే మోడల్ 30కి 9322 నుంచి నాలుగు బైట్లు తేవడంలో కష్టమేమీ లేదు. అయినా అది కూడా ఆపేయాల్సిందే. చిన్నవాడి దగ్గర నడిచి పెద్దవాడి దగ్గర ఆగిపోతే కుటుంబం పరువు ఏం కాను!

ఇదంతా తెలిశాక పరీక్ష పేపర్లో పిల్లలు ఎక్కడ జారిపడతారో చూస్తే జాలేస్తుంది. 24 అడ్రస్ బిట్లు, 32 బిట్ల వర్డ్, బైటు బైటుకీ అడ్రసు. మెమరీ సామర్థ్యం ఎంత? సగం మంది 2^24ను నాలుగుతో హెచ్చించి 64 మెగాబైట్లు అంటారు. అది 704 కాలపు ఆలోచన, అడ్రసు వర్డ్‌కు ఉంటేనే చెల్లుతుంది. ఇక్కడ 2^24 అన్నది బైట్ల సంఖ్య, అంటే 16 మెగాబైట్లు. వర్డ్‌లు అందులో నాలుగో వంతు, 41,94,304. వర్డ్‌ను 64 బిట్లు చేసినా సామర్థ్యం 16 మెగాబైట్లే, వర్డ్‌లు మాత్రం 20,97,152కు తగ్గుతాయి. సరిచూసుకోవడం తేలిక. వర్డ్ నంబరుకు పట్టే బిట్లకు వర్డ్ లోపలి బైటును ఎంచే బిట్లు కలిపితే అడ్రసు బిట్లు రావాలి: 22కు 2, లేదా 21కి 3. రాకపోతే వెనక్కి వెళ్ళి ఎక్కడ హెచ్చించామో చూసుకోవాలి.

ఇంతవరకూ కథ ముచ్చటగా నడిచింది. తర్వాతే దారులు చీలిపోయాయి. సిస్టమ్/360లో రిజిస్టర్ 32 బిట్లు, అడ్రసు 24. మిగిలిన పై బైటును యంత్రం పట్టించుకోదు కాబట్టి ప్రోగ్రామర్లు అందులో తమ సొంత గుర్తులు దాచుకున్నారు. 1983లో 31 బిట్ల అడ్రసులు వచ్చాక ఆ గుర్తులే అడ్రసుల్లో భాగమై కొంప ముంచాయి. ఆ పాఠం ఎవరికీ ఎక్కలేదు. మెకింతోష్ వాళ్ళు కూడా సరిగ్గా అదే పై బైటులో అవే పనులు చేసి, అవే తిప్పలు పడ్డారు.

మెకింతోష్‌లో ఉన్న మోటరోలా 68000 చిప్ కాళ్ళు లెక్కపెడితే మరో వింత. అడ్రసు 24 బిట్లు, కానీ అడ్రస్ కాళ్ళు 23, A1 నుంచి A23 దాకా. A0 అసలు లేదు. డేటా బస్సు 16 బిట్లు కనుక చివరి బిట్ బదులు పై బైటుకు UDS, కింది బైటుకు LDS అని రెండు సంకేతాలు ఇచ్చారు. ఒకటే పలికితే బైటు, రెండూ పలికితే వర్డ్. ఇంటెల్ 80386కు A0, A1 రెండూ లేవు. వాటి స్థానంలో నాలుగు బైట్లకు నాలుగు సంకేతాలు. ఆ చిప్ కాళ్ళను చూసి 2^30 బైట్లని లెక్క వేస్తే నాలుగింతలు తక్కువ వస్తుంది.

వర్డ్ అన్నదాని కొలత కూడా చెల్లాచెదురైంది. ఐబీఎంలో, ఆర్మ్ చిప్‌లలో అది 32 బిట్లు. ఇంటెల్ మాన్యువళ్ళలో 8086 నాటి 16 బిట్లే ఇప్పటికీ వర్డ్, 64 బిట్లకు క్వాడ్‌వర్డ్ అని వేరే పేరు. కాబట్టి వర్డ్‌లు ఎన్నని ఎవరైనా అడిగితే ముందు ఎవరి వర్డో అడగాలి. 64 బిట్ల ప్రాసెసర్ అన్నంత మాత్రాన అడ్రసు 64 బిట్లని కూడా కాదు. x86-64 మామూలుగా 48 బిట్ల వర్చువల్ అడ్రసుతో మొదలైంది.

ఇక మెమరీ కర్రను చేతిలోకి తీసుకుని దాని కాళ్ళు లెక్కపెడదామన్నా లాభం లేదు. 1973లో మోస్టెక్ తన 4096 బిట్ల చిప్‌లో 12 బిట్ల అడ్రసును ఆరు కాళ్ళ మీదుగా రెండు విడతల్లో పంపింది, ముందు అడ్డు వరస, తర్వాత నిలువు వరస. తర్వాత్తర్వాత దాదాపు డీర్యామ్‌లన్నిటిదీ అదే పద్ధతి అయింది. డీడీఆర్4 మెమరీలో డేటా తీగలు 64, ఒక్క విన్నపానికి వాటి మీదుగా వరసగా ఎనిమిది విడతల సరుకు వస్తుంది, మొత్తం 64 బైట్లు. ప్రోగ్రాంకు కావలసింది 9322వ బైటు ఒక్కటే అయినా దాని ఇరుగుపొరుగు 63 కూడా వెంట వచ్చేస్తాయి.