మూడవ వంతు: ఒక ప్రశ్నకు ప్రతిపద వ్యాఖ్య

యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో భారతీయ భాషల పేపరు 300 మార్కులకు ఉంటుంది. అందులో వచ్చే మార్కులు ర్యాంకులో కలవవు. కాని నాలుగో వంతైనా రాకపోతే మిగతా పేపర్లను లెక్కలోకి తీసుకోరు. ఈ 300లో 60 మార్కులు ఒకే ఒక్క ప్రశ్నవి. తెలుగు ఎంచుకున్నవారికి అది దాదాపు ఇలా ఉంటుంది:

*ఈ కింది గద్యభాగాన్ని సుమారు మూడవ వంతుకు మీ సొంత మాటల్లో సంక్షిప్తీకరించండి. శీర్షిక పెట్టవద్దు.*

ఇందులో అనవసరమైన పదం ఒక్కటీ లేదు. వ్యాఖ్యకు ఆధారంగా ఒక చిన్న గద్యభాగం రాసి పెడుతున్నాను. పరీక్షలో ఇచ్చేది దీనికన్నా బాగా పెద్దది, కాని పద్ధతి ఒకటే.

> మన పల్లెల్లో చెరువు అంటే నీళ్ళు నిలిచే గుంట మాత్రమే కాదు. వానాకాలంలో కురిసిన నీటిని అది పట్టి ఉంచుతుంది, ఎండాకాలం దాకా పొలాలకు అందిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, చెరువు నిండితే చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టం పెరుగుతుంది. కాకతీయుల కాలంలో తవ్వించిన పాఖాల, రామప్ప చెరువులు ఈనాటికీ వేల ఎకరాలను తడుపుతున్నాయి. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా, అది నిండితే ఇంకా కిందిదానికి చేరేలా ఆనాటివారు గొలుసుకట్టుగా వాటిని కట్టారు. అందువల్ల గొలుసులో ఒక్క చెరువు పూడినా, ఒక్క కట్టుకాలువ మూసుకుపోయినా దిగువన ఉన్నవాటికి నీళ్ళు అందవు. ఒకప్పుడు రైతులే ఏటా వేసవిలో ఒండ్రు తీసి బండ్లమీద పొలాలకు తోలుకునేవారు. చెరువుకు లోతు దక్కేది, పొలానికి ఎరువు దక్కేది. బోర్లు వచ్చాక ఆ అలవాటు తప్పింది. చెరువుతో పని లేదనుకున్నారు. కాని బోరు తోడేది కూడా చెరువు ఇంకించిన నీటినే. చెరువు ఎండితే కొన్నేళ్ళకు బోరూ ఎండుతుంది. కాబట్టి చెరువు బాగు ఒక్క ఆయకట్టు రైతు బాధ్యత అనుకోవడం పొరపాటు. బోరున్న ప్రతి రైతూ అందులో పాలుపంచుకోవాలి.

ఈ కింది గద్యభాగాన్ని

అంటే అంతకుముందు ఎప్పుడూ చదవనిదాన్ని. రచయిత ఎవరో తెలియదు, ముందూ వెనకా ఏముందో తెలియదు. కాగితం మీద ఉన్నదే ఆధారం. చెరువుల గురించి మీకు ఇంకెంత తెలిసినా ఇక్కడ పనికిరాదు. మిషన్ కాకతీయ గుర్తుకొచ్చి ఒక్క ముక్క చేర్చినా అది తప్పే, గద్యభాగంలో ఆ మాట లేదు గనక.

తెలియని మాట ఒకటో రెండో తగలడం మామూలే. మత్తడి తెలంగాణ మాట. కోస్తాలో కలుజు అనో అలుగు అనో అంటారు. నెల్లూరు కుర్రవాడు మత్తడి వినకపోయినా, చెరువు నిండాక నీరు దూకేచోటని వాక్యమే చెబుతోంది. అంతకుమించి తెలియనక్కర్లేదు. సంక్షిప్తంలో ‘మిగులునీరు’ అంటే పనైపోతుంది.

మొదటిసారి పెన్ను పట్టకుండా చదవాలి. రెండోసారి ‘అందువల్ల’, ‘కాని’, ‘కాబట్టి’ లాంటి మాటల కింద మాత్రం గీత గీయాలి. చాలామంది పేర్ల కింద, పెద్ద పదాల కింద గీస్తారు. వాదం మలుపు తిరిగేది ఈ చిన్న మాటల దగ్గర. పై గద్యంలో గీత పడాల్సిన చోట్లు మూడే.

సుమారు మూడవ వంతుకు

ముందు లెక్క. పొడవైన గద్యభాగంలో మాటలన్నీ లెక్కపెడుతూ కూర్చోనక్కర్లేదు. మధ్యలో మూడు పంక్తులు లెక్కపెట్టి సగటు తీసి, పంక్తుల సంఖ్యతో హెచ్చవేస్తే చాలు. మన గద్యభాగం చిన్నది కాబట్టి పూర్తిగానే లెక్కపెట్టాను: 117. మూడవ వంతు 39.

తెలుగులో ఈ లెక్కకు ఒక చిక్కుంది. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ‘బండ్లమీద’ అని కలిపి రాస్తే ఒకటి, ‘బండ్ల మీద’ అని విడదీస్తే రెండు. ఒకే గద్యభాగాన్ని ఇద్దరు లెక్కపెడితే తేడా వస్తుంది. ప్రశ్నలో ‘సుమారు’ ఉండటం ఇక్కడ మనకు మేలే. అయితే గద్యభాగాన్ని ఏ పద్ధతిలో లెక్కపెట్టారో మీ జవాబునూ అలాగే లెక్కపెట్టాలి. మాటలు తగ్గినట్టు కనిపించాలని ‘పట్టి ఉంచుతుంది’ని ‘పట్టుంచుతుంది’ అని అతికించడం పాతకాలపు టెలిగ్రాం తెలివి; దిద్దేవారికి ఇట్టే దొరికిపోతుంది. పొడవు మరీ ఎక్కువైనా మరీ తక్కువైనా మార్కులు తగ్గవచ్చు.

రెండో సంగతి ఎక్కువమందికి తట్టదు. మూడవ వంతు అన్నది మొత్తానికి, ఒక్కో వాక్యానికి కాదు. ప్రతి వాక్యాన్నీ మూడో వంతుకు కోసుకుంటూ పోతే వచ్చేది సంక్షిప్తం కాదు, ముక్కలు. ఎక్కడ ఎంత కోయాలన్నది వాదంలో దాని బరువును బట్టి ఉంటుంది.

మీ సొంత మాటల్లో

అంటే ప్రతి పదానికీ మారుపదం వెతకమని కాదు. బోరు బోరే, ఆయకట్టు ఆయకట్టే. విషయానికి సంబంధించిన ఇలాంటి మాటలను మారిస్తే అర్థమే మారుతుంది. బోరును ‘నాళికాకూపం’ చేసినవాళ్ళూ లేకపోలేదు! మారాల్సింది వాక్యం. గద్యభాగంలోని నాలుగు మాటలు వరసగా అదే క్రమంలో మీ జవాబులో కనిపిస్తే ఎత్తిరాసినట్టే.

వాక్యాన్ని కుదించడానికి తెలుగులో మంచి పనిముట్లున్నాయి. ఒక వాక్యాన్ని మొత్తంగా విశేషణం చేసేయవచ్చు. పై గద్యంలో ‘ఒకప్పుడు రైతులే’ నుంచి ‘పని లేదనుకున్నారు’ వరకు నాలుగు వాక్యాలు, 23 మాటలు. దాన్ని ఇలా రాయవచ్చు: *ఏటా పూడిక తీసిన రైతులు బోర్ల రాకతో చెరువులను వదిలేశారు.* ఎనిమిదే మాటలు. ‘పూడిక తీసిన’ అన్న విశేషణం ఒక వాక్యాన్ని మింగింది, ‘రాకతో’లోని విభక్తి కారణాన్ని మోసింది. లోతు, ఎరువు అన్న లాభాలు పోయాయి. ఉంచాలనుకునేవారు ఉంచవచ్చు; అవి పాత అలవాటును వివరిస్తాయే తప్ప చివరి వాదానికి ఆసరా కావు గనక నేను వదిలేశాను.

చేసి, వచ్చి, తీసి లాంటి అసమాపక క్రియలతోనూ కుదించవచ్చు గాని అక్కడ జాగ్రత్త. ‘పూర్వులు చెరువులను వరుసగా కట్టి, ఒకటి చెడి, దిగువవి నష్టపోయి, రైతులు పూడిక తీసి, బోర్లు వచ్చి వదిలేశారు’ అని రాస్తే మాటలు బాగా తగ్గుతాయి. ఎందుకు నష్టపోయాయి, దేనివల్ల వదిలేశారు అన్నవి మాత్రం గల్లంతవుతాయి. మనం గీత గీసుకున్న ‘అందువల్ల’ అందులో ఎక్కడా లేదు చూడండి.

సంక్షిప్తీకరించండి

అసలు కష్టం ఈ పదంలో ఉంది. చిన్నప్పటి నుంచి మనకు బడిలో అలవాటైంది తాత్పర్యం రాయడం. నాలుగు పాదాల పద్యాన్ని పది వాక్యాలు చేస్తే మార్కులు. పెంచే చేతికి తుంచడం ఒక పట్టాన రాదు. దానికి తోడు, చివర ఒక నీతి రాసే అలవాటొకటి. పరీక్షల్లో కనిపించే తీరుకు నమూనాగా ఇది చూడండి:

> చెరువులు వాననీటిని నిలిపి పొలాలకు అందిస్తాయి. కాకతీయుల కాలం నాటి పాఖాల, రామప్ప చెరువులు ఈనాటికీ వేల ఎకరాలను తడుపుతున్నాయి. ఆనాటివారు వాటిని గొలుసుకట్టుగా కట్టారు. ఒకప్పుడు రైతులు ఒండ్రు తీసేవారు, బోర్లు వచ్చాక ఆ అలవాటు తప్పింది. కాబట్టి మనమందరం చెరువులను కాపాడుకోవాలి.

చదవడానికి బాగానే ఉంది. అబద్ధమూ లేదు. కాని ఇది తప్పిన జవాబు. రెండో వాక్యం ఉదాహరణ. అది తీసేసినా వాదానికి ఏమీ కాదు, దానికి పది మాటలు ఖర్చయ్యాయి. గొలుసుకట్టు సంగతి ఉంది గాని, దానివల్ల ఏమవుతుందన్నది లేదు. అన్నిటికన్నా పెద్ద లోపం చివరి వాక్యం. ‘మనమందరం చెరువులను కాపాడుకోవాలి’ అని రచయిత ఎక్కడన్నాడు? బోరున్న రైతుకూ చెరువు బాధ్యత ఉందని, ఎందుకంటే అతను తోడేదీ ఆ నీరేనని అతనన్నాడు. చెరువు అన్నది ఇక్కడ విషయం, ఇది వాదం. జవాబు విషయం దగ్గరే ఆగిపోయింది. మొత్తం 32 మాటలే వాడారు, ఇంకో ఏడు చేతిలో ఉండగానే.

ఈ లోపాన్ని రాయకముందే పట్టుకోవచ్చు. రెండోసారి చదివాక గద్యభాగం మూసి, ‘రచయిత ఎవరితో, ఏది కాదంటున్నాడు?’ అన్న ప్రశ్నకు చిత్తుకాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ఇక్కడైతే, చెరువు ఆయకట్టువాళ్ళ గొడవ అనుకునేవారితో అది కాదంటున్నాడు. ఆ వాక్యం మీ జవాబులో చివర ఉండి తీరాలి. దాని మాటలు ముందే పక్కన పెట్టుకుని, మిగిలినవి పైవాటికి పంచాలి. పై నుంచి రాసుకుంటూ వస్తే చోటు చాలక చివరిదే నలిగిపోతుంది.

అలా రాస్తే వచ్చింది ఇది:

> చెరువులు వాననీటిని నిల్వచేసి పంటలకు ఇవ్వడమే కాక భూగర్భజలాలనూ పెంచుతాయి. పూర్వులు వాటిని ఒకదాని మిగులునీరు మరొకదానికి పారేలా వరుసగా నిర్మించినందున, ఒక్కటి చెడినా దిగువవి నష్టపోతాయి. ఏటా పూడిక తీసిన రైతులు బోర్ల రాకతో చెరువులను వదిలేశారు. అయితే చెరువు ఇంకిస్తేనే బోరుకు నీరు. అందుచేత వాటి సంరక్షణ ఆయకట్టుదారులదే కాదు, బోర్లున్న రైతులందరిదీ.

నలభై మాటలు, అనుకున్నదానికి ఒకటి ఎక్కువ. గద్యంలో మొదటి మూడు వాక్యాల 27 మాటలు ఎనిమిదయ్యాయి. కాకతీయుల వాక్యం మొత్తం పోయింది. చివరి నాలుగు వాక్యాల 26 మాటలకు మాత్రం పన్నెండు దక్కాయి, దాదాపు సగం. ‘రచయిత అభిప్రాయంలో’, ‘ఈ గద్యభాగం చెప్పేదేమంటే’ లాంటివి ఎక్కడా లేవు. ఆ మాటల ఖర్చు వృథా. ‘మన’ కూడా లేదు. రచయిత ‘మన’ అన్నా, ‘నేను’ అన్నా సంక్షిప్తం ప్రథమ పురుషలోనే నడవాలి.

చిత్తులో ఇంతవరకూ వచ్చాక అసలు గద్యాన్ని మళ్ళీ ఒకసారి తెరిచి, గీత గీసిన మూడు మాటలకూ మీ జవాబులో జోడీ ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ ‘అందువల్ల’కు ‘నిర్మించినందున’, ‘కాని’కి ‘అయితే’, ‘కాబట్టి’కి ‘అందుచేత’ ఉన్నాయి. ఒకటి తప్పినా ఎక్కడో వాదం తెగినట్టే.

శీర్షిక పెట్టవద్దు

శీర్షిక అడిగే పరీక్షలూ ఉన్నాయి. అక్కడ ‘చెరువులు’ అని పెడితే చాలదు, అది విషయం మాత్రమే; ‘చెరువు బాగు – బోరు రైతు బాధ్యత’ అంటే వాదం తెలుస్తుంది. యూపీఎస్సీ మాత్రం వద్దంటుంది. వద్దన్నచోట ఎంత మంచి శీర్షిక తట్టినా పెట్టకండి.