ఫోన్‌కు వచ్చిన పన్ను నోటీసు.. ముందు చూడాల్సింది తేదీనే

నవీపేట్: ఆదాయపు పన్ను శాఖ నోటీసు ఇప్పుడు తపాలా కవరులో రావడం తగ్గింది. అది ఆంగ్లంలో ఈ-మెయిల్‌కు వస్తుంది. ఆ ఈ-మెయిల్ చాలా సందర్భాల్లో రైతుది కాదు. పాన్ కార్డు తీయించిన మధ్యవర్తిదో, పట్టణంలో చదువుకుంటున్న కుమారుడిదో అయి ఉంటుంది. వారు తెరపై కనిపించిన మొదటి పుటను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఇంట్లో దాన్ని చదివేవారు ఉండరు. చదివినవారు 'జరిమానా అని ఎక్కడా లేదు, తర్వాత చూద్దాం' అని పక్కన పెడతారు. అసలు నష్టం అక్కడే మొదలవుతోంది. జరిమానా ప్రస్తావన లేని ఈ మొదటి నోటీసుకే అన్నింటికంటే ముందుగా జవాబివ్వాల్సి ఉంటుంది.

పల్లెలకు ఎక్కువగా వచ్చే నోటీసు సెక్షన్ 148ఏ కింద జారీ అయ్యేది. పన్ను పరిధిలోకి రావాల్సిన ఆదాయం లెక్కలో చూపలేదన్న సమాచారం అధికారి వద్ద ఉన్నప్పుడు, పాత సంవత్సరపు ఖాతాను తిరిగి తెరవడానికి ముందు ఈ నోటీసు ఇచ్చి వివరణ కోరుతారు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తి పొదుపు ఖాతాల్లో రూ.10 లక్షలు, అంతకుమించి నగదు జమ అయితే బ్యాంకు ఆ వివరాన్ని పన్ను శాఖకు తెలియజేయాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి రిటర్ను దాఖలు చేయని రైతు పేరు ఆ జాబితాలో చేరితే నోటీసు వచ్చే అవకాశం ఉంటుంది. నోటీసు వచ్చినంత మాత్రాన పన్ను ఎగవేసినట్లు కాదు.

ఫొటోలో ఏం చూడాలి?

మొదట 'డిన్' అనే పత్ర గుర్తింపు సంఖ్యను వెతకాలి. 2019 అక్టోబరు 1 నుంచి పన్ను శాఖ పంపే ప్రతి నోటీసుపైనా ఈ సంఖ్య ఉండాలన్నది నిబంధన. incometax.gov.in వెబ్‌సైట్ మొదటి పుటలో Authenticate Notice/Order Issued by ITD అన్న చోట ఆ సంఖ్యను నమోదు చేస్తే నోటీసు అసలుదో నకిలీదో తెలుస్తుంది. ఇందుకు పాస్‌వర్డ్ అవసరం లేదు. ఓటీపీ చెప్పమనో, వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపమనో అడిగితే అది మోసమేనని గ్రహించాలి.

రెండోది సంవత్సరం. ఇక్కడే ఎక్కువమంది పొరపడుతున్నారు. నోటీసులో 'అసెస్‌మెంట్ ఇయర్ 2021-22' అని ఉంటే అది మదింపు సంవత్సరం. అధికారి అడుగుతున్న లెక్క దానికి ముందు ఏడాదిది, అంటే 2020 ఏప్రిల్ 1 నుంచి 2021 మార్చి 31 వరకు జరిగిన లావాదేవీలది. ఇది తెలియక మరుసటి ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేస్తే జవాబిచ్చినా ప్రయోజనం ఉండదు.

మూడోది గడువు. ఆంగ్లంలో 'ఆన్ ఆర్ బిఫోర్' అనే మాటల పక్కన ఒక తేదీ ఉంటుంది. ఆ రోజు లేదా అంతకు ముందే వివరణ చేరాలని దాని అర్థం. 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న సెక్షన్ ప్రకారం ఇన్ని రోజులంటూ లేదు, నోటీసులో రాసిన తేదీయే గడువు. పైభాగంలో ఉండే జారీ తేదీని చూసి దాన్నే గడువుగా భావించరాదు. ఫొటో చేతికందిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని అనుకోవడమూ తప్పే. ఈ-మెయిల్ ద్వారా పంపడం చట్టబద్ధమైన బట్వాడాయే. ఫొటో ఎప్పుడు అందిందన్న దానితో గడువుకు సంబంధం లేదు.

నాలుగోది చివరి పుటలోని అనుబంధం. ఏ బ్యాంకులో ఎంత సొమ్ముపై సందేహం ఉందో అక్కడే ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే ఫొటోల్లో సాధారణంగా ఉండనిది ఈ పుటే. ఫొటోతో సరిపెట్టుకోకుండా అసలు పీడీఎఫ్ మొత్తం తెప్పించుకోవాలి. పాన్ సంఖ్యతో వెబ్‌సైట్‌లోకి ప్రవేశించి Pending Actions కింద e-Proceedings తెరిస్తే నోటీసు అక్కడ కనిపిస్తుంది. జవాబు పంపాల్సిందీ అక్కడినుంచే.

నోటీసులో మిగిలిన భాగం అంటే సెక్షన్ల వివరణ, అధికారి హోదా, చట్టంలోని వాక్యాలు వంటివి నింపాదిగా చదువుకోవచ్చు. తక్షణం జవాబు కోరేవి ఆ తేదీ, ఆ అనుబంధం.

రూ.16.40 లక్షల ఉదాహరణ

మండలంలో ఐదెకరాల పట్టా ఉన్న రైతు ఒకరి ఖాతాలో 2020-21లో రూ.16.40 లక్షల నగదు జమైందని అనుకుందాం. 2025 మార్చి 12న నోటీసు జారీ అయింది. మార్చి 24లోగా వివరణ ఇవ్వాలని అందులో ఉంది. చేతిలో ఉన్నది పన్నెండు రోజులు.

పాస్‌బుక్ ముందు పెట్టుకుని చూస్తే ఆ సొమ్ము నాలుగు దారుల్లో వచ్చినట్లు తేలింది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో వంద క్వింటాళ్ల పసుపు క్వింటా రూ.6,800 చొప్పున విడతలవారీగా అమ్మగా వచ్చినవి రూ.6.80 లక్షలు. స్థలం కొనేందుకు అదే ఖాతా నుంచి తీసి, బేరం కుదరక తిరిగి వేసినవి రూ.5 లక్షలు. నవీపేట్ శనివారం సంతలో మేకలు అమ్మగా వచ్చినవి రూ.1.60 లక్షలు. దుబాయిలోని కుమారుడు తెలిసినవారి చేతికిచ్చి పంపినవి రూ.3 లక్షలు.

పసుపు సొమ్ముకు మార్కెట్‌లో ఇచ్చిన తక్‌పట్టీలు, పట్టాదారు పాస్‌పుస్తకం సాక్ష్యాలు. ఐదెకరాల్లో వంద క్వింటాళ్లు అంటే ఎకరాకు ఇరవై. భూమికి, పంటకు పొంతన కుదురుతోందా అన్నది అధికారి తప్పక చూస్తారు. తక్‌పట్టీ తేదీకి, బ్యాంకులో జమ తేదీకి మధ్య నెలల తరబడి ఎడం ఉంటే కారణం రాయాలి. ఇక్కడే మరో జాగ్రత్త అవసరం. ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు రూ.2 లక్షలు, అంతకుమించి నగదుగా తీసుకోవడాన్ని చట్టం వేరుగా నిషేధించింది. దానికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఈ రైతు తక్‌పట్టీలు విడివిడిగా ఆ పరిమితికి లోపలే ఉన్నాయి.

వెనక్కి వేసిన రూ.5 లక్షలకు పాస్‌బుక్‌లోని విత్‌డ్రాయల్ నమోదే సాక్ష్యం. ముందు తీసి తర్వాత వేసినట్లు తేదీలు చెబుతుంటే ఆ సొమ్ము కొత్త ఆదాయం కాదని చూపించవచ్చు.

మేకల సొమ్ము దగ్గర రైతులు తడబడుతుంటారు. పశుపోషణ వ్యవసాయం కిందకు రాదని సుప్రీంకోర్టు 1957లోనే స్పష్టం చేసింది. అందువల్ల దాన్ని పంట ఆదాయమని రాస్తే జవాబు మొత్తంపైనే అనుమానం కలుగుతుంది. ఉన్నది ఉన్నట్లు మేకల అమ్మకమని రాయడమే మేలు. ఆ ఏడాది రూ.2.50 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదు. వేరే ఆదాయం లేని రైతుకు రూ.1.60 లక్షలపై పన్ను పడదు.

ఇక మిగిలింది దుబాయి సొమ్ము. విదేశంలో ఉంటున్నవారు అక్కడ సంపాదించిన జీతంపై ఇక్కడ పన్ను లేదు. కానీ బ్యాంకు ద్వారా కాకుండా చేతిమీదుగా వచ్చిన డబ్బు ఆ జీతమేనని నిరూపించడం కష్టం. కుమారుడి పాస్‌పోర్టు ప్రతి, జీతం స్లిప్పులు, ధ్రువీకరణ పత్రం జతచేసినా అధికారి అంగీకరిస్తారన్న హామీ లేదు.

జవాబు ఇవ్వకపోతే..

గడువు దాటితే అధికారి తన వద్ద ఉన్న సమాచారంతోనే ఉత్తర్వు ఇచ్చి, సెక్షన్ 148 నోటీసు పంపుతారు. అందులో చెప్పిన వ్యవధిలో రిటర్ను దాఖలు చేయాలి. ఆ వ్యవధి నోటీసు జారీ అయిన నెల ముగిశాక మూడు నెలలకు మించదు. తర్వాత పత్రాలు కోరుతూ సెక్షన్ 142(1) నోటీసు వస్తుంది. దానికి స్పందించకపోతే ప్రతి ఉల్లంఘనకూ రూ.10 వేల జరిమానా విధించవచ్చు. చివరికి రైతు మాట వినకుండానే అధికారి తనకు తోచిన మేరకు ఆదాయాన్ని నిర్ణయిస్తారు.

అప్పుడు రూ.16.40 లక్షలూ 'వివరణ లేని సొమ్ము' కిందకు వెళ్లే ప్రమాదం ఉంది. ఈ కోవలోకి వస్తే రూ.2.50 లక్షల మినహాయింపు కూడా వర్తించదు. ఆ సంవత్సరానికి పన్ను 60 శాతం, దానిపై సర్‌ఛార్జి 25 శాతం, ఆ రెండింటిపై సెస్సు 4 శాతం. అన్నీ కలిపితే సొమ్ములో 78 శాతం, అంటే రూ.12,79,200. అసలు పన్ను రూ.9.84 లక్షలపై పది శాతం చొప్పున మరో రూ.98,400 జరిమానా. వడ్డీ దీనికి అదనం.

అదే రైతు గడువులోగా పత్రాలు సమర్పించి, దుబాయి సొమ్ము ఒక్కటే నిరూపించలేకపోయాడని అనుకున్నా పన్ను రూ.2.34 లక్షలు, జరిమానా రూ.18 వేలు. తక్‌పట్టీలు, పాస్‌బుక్ గడువులోగా చేరడం వల్ల ఆదా అయ్యేది దాదాపు రూ.11.25 లక్షలు.

సమయం చాలకపోతే గడువు ముగియకముందే e-Proceedingsలో కారణం రాసి వాయిదా కోరవచ్చు. ఇవ్వడం అధికారి విచక్షణ. అందువల్ల చేతిలో ఉన్న పత్రాలతో క్లుప్తంగానైనా జవాబు పంపి, మిగిలినవి తర్వాత సమర్పిస్తామని రాయడం సురక్షితం. జవాబు అందినట్లు వచ్చే రసీదు సంఖ్యను భద్రపరచుకోవాలి. తెలుగులో ఉన్న పత్రాలకు ఆంగ్లంలో రెండు వాక్యాల సారాంశం జతచేస్తే అధికారికి వెంటనే అర్థమవుతుంది.

సెక్షన్ 156 నోటీసు వస్తే..

ఫొటోలో 'సెక్షన్ 156' అని ఉంటే వివరణ దశ దాటిపోయినట్లే. అది డిమాండ్ నోటీసు. సొమ్ము చెల్లించడానికి గడువు 30 రోజులు, అప్పీలుకూ 30 రోజులే. చెల్లింపు ఆలస్యమైతే నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. నిలుపుదల కోసం వేరుగా దరఖాస్తు చేయాలి. సాధారణంగా డిమాండ్‌లో 20 శాతం ముందుగా కట్టమంటారు.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం-2025లో సెక్షన్ల సంఖ్యలు మారినా, అంతకుముందు సంవత్సరాల లెక్కలకు 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. సందేహాస్పద ఆదాయం రూ.50 లక్షల కంటే తక్కువైతే, మదింపు సంవత్సరం ముగిసి మూడేళ్లు దాటాక 148ఏ నోటీసు ఇవ్వడానికి వీల్లేదు. అంటే పై ఉదాహరణలోని సంవత్సరానికి చివరి తేదీ 2025 మార్చి 31. మూడేళ్లు దాటాక వచ్చిన నోటీసనిపిస్తే ఆ అభ్యంతరాన్ని కూడా జవాబులోనే రాయాలి. మౌనంగా ఉండిపోతే ఆ అభ్యంతరాన్ని అధికారి తనంతట తాను వెతికి పెట్టరు.