బంగాళాదుంప వేపుడులో అక్రిలమైడ్: రక్తంలో మొదలైన కథ

అక్రిలమైడ్ గురించి మన పత్రికలు చెప్పే కథ ఎప్పుడూ 2002 ఏప్రిల్‌తోనే మొదలవుతుంది. చిప్స్‌లో, బ్రెడ్‌లో క్యాన్సర్ కారకం ఉందని స్వీడన్ ఆహార సంస్థ ప్రకటించింది, ప్రపంచం ఉలిక్కిపడింది, తర్వాత జరిగిన అధ్యయనాల్లో భయపడాల్సిందేమీ లేదని తేలింది అన్నది ఆ కథ. దీని మొదలు కురచగా ఉంది. ముగింపు మాత్రం తప్పు అని నా అభిప్రాయం.

అసలు మొదలు 1997లో, స్వీడన్‌లోని హాలండ్‌సోస్ రైల్వే సొరంగం దగ్గర ఉంది. ఊట నీటిని ఆపడానికి వాడిన సీలింగ్ పదార్థంలోని అక్రిలమైడ్ వాగులో కలిసింది. చేపలు చచ్చాయి, ఆ నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు పడిపోయాయి. కూలీల రక్తంలో ఎంత చేరిందో చూడటానికి స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలో మార్గరెటా టోర్న్‌క్విస్ట్ బృందం హిమోగ్లోబిన్‌ను పరీక్షించింది. అక్రిలమైడ్ హిమోగ్లోబిన్‌కు అతుక్కుపోయి, ఎర్రకణం బతికినంత కాలం, అంటే దాదాపు నాలుగు నెలలు, అక్కడే ఉంటుంది. పోలిక కోసం సొరంగంతో సంబంధం లేని వాళ్ల రక్తాన్నీ తీసుకున్నారు. పొగ తాగనివాళ్లలో కూడా ఆ ఆనవాలు కనిపించింది. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే వాళ్లను వంటింటికి తీసుకెళ్లింది. వేయించిన మేత పెట్టిన ఎలుకల్లో ఆనవాలు పెరిగిందని 2000లో చూపించారు. 2002 ప్రకటన దాని కొనసాగింపే.

అది ఎలా పుడుతుందో అదే ఏడాది తేలింది. ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ లాంటి చక్కెరలు సుమారు 120 డిగ్రీలు దాటిన వేడిలో, తడి ఆరిపోతున్న చోట కలిసి ఎర్రబడుతుంటే ఇదీ తయారవుతుంది. ఉడకబెట్టిన దుంపలో అంత వేడి ఉండదు కాబట్టి అక్కడ పుట్టదు.

ఇక్కడి నుంచే వివాదం. స్వీడన్‌లో 2003లో క్యాన్సర్ రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చి చూసిన పరిశోధకులు పేగు, మూత్రాశయం, మూత్రపిండాల క్యాన్సర్లకూ అక్రిలమైడ్‌కూ సంబంధం కనిపించలేదన్నారు. ఆ మాట అందరికీ ఊరటనిచ్చింది. అయితే ఏ కొలతతో చూశారు? వారానికి ఎన్నిసార్లు వేయించిన దుంపలు తిన్నారో ప్రశ్నపత్రంలో రాయించుకుని లెక్కగట్టారు. ఒకే దుంపను ఒకరు లేత బంగారు రంగులో దించుతారు, ఇంకొకరు నల్లబడేదాకా వేయిస్తారు. ఇద్దరి పళ్లెంలో ఉన్న అక్రిలమైడ్ మధ్య ఎన్నో రెట్లు తేడా ఉంటుంది, ప్రశ్నపత్రంలో మాత్రం రెండూ ఒకటే జవాబు. పైగా అక్రిలమైడ్ అసలు తినని మనుషులు దొరకరు. ఇలాంటి కొలతతో చిన్న ప్రమాదం కనిపించకపోవడం సహజం. కనిపించలేదు గనుక లేదనడం మాత్రం చెల్లదు.

2007లో నెదర్లాండ్స్‌లో అరవై వేలకు పైగా మహిళలను పరిశీలించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. పొగ తాగనివాళ్లలో, ఎక్కువ అక్రిలమైడ్ తిన్నవారికి గర్భాశయ, అండాశయ క్యాన్సర్లు తక్కువ తిన్నవారికంటే సుమారు రెట్టింపు కనిపించాయి. దీన్నీ తుది తీర్పుగా తీసుకోలేను. వాడింది ఇక్కడా ప్రశ్నపత్రమే, ఆ తర్వాతి అధ్యయనాలు కొన్ని దీన్ని బలపరచలేదు. అయినా ఒక విషయంలో దీనికి విలువ ఇస్తాను. పొగ తాగేవాళ్లకు పొగ నుంచే అక్రిలమైడ్ ఎక్కువగా అందుతుంది, వాళ్లను వేరు చేయకపోతే తిండి పాత్ర కప్పబడిపోతుంది. వీళ్లు ఆ జాగ్రత్త తీసుకున్నారు.

మనుషుల లెక్క తెగకపోతే ఎలుకల లెక్కే మిగులుతుంది. ఎలుకల్లో కణుతులు గుర్తించదగినంతగా పెరిగే మోతాదును 2015లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కిలో బరువుకు రోజుకు 170 మైక్రోగ్రాములుగా కట్టింది. అక్కడి పెద్దలు తినేది సగటున 0.4 నుంచి 0.9 మైక్రోగ్రాములు. అంటే మధ్య దూరం సుమారు 190 నుంచి 425 రెట్లు. జన్యువును దెబ్బతీసే పదార్థానికి ఈ దూరం 10,000 రెట్లు ఉంటేనే పెద్దగా ఆందోళన అక్కర్లేదంటారు. ఒక్క చిప్స్ ప్యాకెట్‌తో క్యాన్సర్ వస్తుందని దీనర్థం కాదు. నిశ్చింతగా ఉండమని కూడా కాదు.

2018 నుంచి యూరప్‌లో అమలవుతున్న నిబంధన చిప్స్‌కు కిలోకు 750 మైక్రోగ్రాములను ప్రామాణికంగా పెట్టింది. దాటితే కంపెనీ తన పద్ధతులు సరిచూసుకోవాలి, అంతే. సరుకు ఆపాలన్న గరిష్ఠ పరిమితి కాదది. నాకు ఇది చాలదనిపిస్తుంది. ఎందుకంటే తగ్గించే మార్గం ముందే తెలుసు. దుంపలో ఆస్పరజిన్ ఎప్పుడూ దండిగానే ఉంటుంది, అక్రిలమైడ్ ఎంత పుట్టాలో నిర్ణయించేది చక్కెర. నాలుగైదు డిగ్రీల చలిలో నెలల తరబడి నిల్వ ఉంచితే పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. అందుకే చిప్స్ తయారీలో కొత్త లోడు రాగానే నాలుగు ముక్కలు వేయించి రంగు చూస్తారు. నూనెలో వేసిన కాసేపటికే అంచులు ముదురు గోధుమరంగుకు తిరిగి చేదు తగిలితే ఆ లోడు చిప్స్‌కు పనికిరాదు. అలాంటి దుంపల్ని రెండు మూడు వారాలు వెచ్చని చోట ఉంచితే చక్కెర కొంత తగ్గుతుంది, పూర్తిగా మాత్రం తగ్గదు. ఇంట్లోనైతే తరిగిన ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి వంపేస్తే పైపొర చక్కెర పోతుంది. ఆపై లేత రంగులోనే దించాలి. ఫ్రిజ్‌లో దుంపలు పెట్టొద్దని ఏళ్ల తరబడి చెప్పిన బ్రిటన్ ఆహార సంస్థ 2023లో ఆ సలహాను సడలించింది. ఇంట్లో కొన్నాళ్ల నిల్వతో చెప్పుకోదగ్గ తేడా రాదన్నది దాని కొత్త మాట. కాబట్టి గృహిణి ఫ్రిజ్ కంటే కోల్డ్ స్టోరేజీల ఉష్ణోగ్రత మీద, చిప్స్ కోసం పెంచే దుంపల రకాల మీద నిబంధనలు రావాలి.