ఫోటో తీసిన పత్రం: అనువాదాల పోలిక

పరభాషలో ఉన్న పత్రాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, ఆ ఒక్క ఫోటోనే రెండు మూడు అనువాద యాప్‌లకు ఇచ్చి, వచ్చిన ఫలితాల్లో దేన్ని నమ్మాలో తేల్చుకునే పద్ధతి ఇది. తెలుగువారిలో దీని అవసరం బాగా కనిపించేది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లినవారి ఇళ్లలో. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్లినవారికి అరబ్బీలో ఉన్న పని ఒప్పందాలు చేతికి వస్తుంటాయి. సౌదీ కార్మిక చట్టం 9వ అధికరణ ప్రకారం ఒప్పందం అరబ్బీతో పాటు మరో భాషలో ఉన్నప్పుడు చెల్లుబాటయ్యేది అరబ్బీ పాఠమే. కాబట్టి పక్కన అచ్చేసిన ఇంగ్లీషు చదివి ఊరుకుంటే సరిపోదు. ఈ వ్యాసంలో అలాంటి అరబ్బీ ఒప్పందాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

తేడా ఎక్కడ పుడుతుంది

కెమెరా అనువాదంలో రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. మొదట ఫోటోలోని గీతలను అక్షరాలుగా గుర్తించాలి. తర్వాత ఆ అక్షరాలు చెప్పే మాటను వేరే భాషలోకి మార్చాలి. తెర మీద మనకు కనిపించేది రెండో పని ఫలితం మాత్రమే. అసలు తప్పు మొదటి పనిలో జరిగి ఉంటే రెండో పని ఎంత చక్కగా జరిగినా ప్రయోజనం ఉండదు.

అరబ్బీలో ఈ మొదటి పని కష్టమైనది. చాలా అక్షరాలకు ఆకారం ఒకటే. పైనో కిందో ఉన్న చుక్కలే వాటిని వేరు చేస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే బొమ్మ కుదించుకుపోయి ఈ చుక్కలు చెదురుతాయి. ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే ఆ నష్టం ఉండదు. అంకెల విషయం మరీ ముఖ్యం. గల్ఫ్ పత్రాల్లో తరచుగా వాడే అంకెల్లో సున్నా ఒక చిన్న చుక్క. 5 మాత్రం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. 6 మనం రాసే 7ను పోలి ఉంటుంది. చివరి చుక్కలను యాప్ మరకలుగా పొరబడితే 1500 కాస్తా 15 అవుతుంది.

ఒక ఉదాహరణ

ఒప్పందంలో జీతం షరతు ఇలా ఉందనుకుందాం: మూల వేతనం నెలకు 1500 రియాళ్లు, వసతి, భోజనం ఇందులో కలవవు. అరబ్బీలో ‘షామిల్’ అంటే కలిపి. దాని ముందు ‘గైర్’ అనే మూడక్షరాల మాట చేరితే కలపకుండా. కాగితం మీద ‘గైర్’ ఒక వరుస చివర పడింది, ‘షామిల్’ తర్వాతి వరుసకు జారింది. ఈ ఫోటోను మూడు యాప్‌లకు ఇస్తే మొదటిది ‘1500 రియాళ్లు, వసతి, భోజనం కలిపి’ అంటుంది. రెండోది ‘15 రియాళ్లు, వసతి, భోజనం కలిపి’ అంటుంది. మూడోది ‘1500 రియాళ్లు, వసతి, భోజనం కాకుండా’ అంటుంది.

ఎక్కువ యాప్‌లు చెప్పిందే నిజమనుకుంటే ఇక్కడ మోసపోతాం. మొదటి రెండూ వరుసలను విడివిడి ముక్కలుగా చదివాయి. ముక్క చివర ఒంటరిగా మిగిలిన ‘గైర్’ను వదిలేశాయి. కారణం ఒకటే అయినప్పుడు తప్పూ ఒకటే అవుతుంది. ఆ ఏకాభిప్రాయానికి సాక్ష్యపు విలువ లేదు.

తేల్చుకోవడానికి మొదట చేయాల్సిన పని అనువాదాలను పక్కన పెట్టడం. ప్రతి యాప్‌లోనూ అది చదివిన అరబ్బీ పాఠాన్ని చూసే వీలుందేమో వెతకాలి. గూగుల్ లెన్స్‌లో పాఠాన్ని ఎంచుకొని కాపీ చేసుకోవచ్చు. అలా తీసిన పాఠాలను ఒకదాని కింద ఒకటి పెడితే, అరబ్బీ రానివారికి కూడా ఒకదాంట్లో ఒక మాట ఎక్కువ ఉందని కనిపిస్తుంది. ఆ మాట ఫోటోలో ఉందో లేదో ఆకారం పోల్చి చూడాలి. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి వరుస చివర అంటే ఎడమ అంచు. మూడో యాప్ చదివిన ‘గైర్’ అక్కడ సిరాతో కనిపిస్తుంటే తీర్పు మూడో యాప్ వైపే.

తర్వాత మూడో యాప్ చదివిన అరబ్బీ పాఠాన్ని మూడింటిలోనూ టైపు చేసే చోట అతికించాలి. ఇప్పుడు మూడూ ఒకే మాట చెబితే ఇంతసేపూ కనబడిన తేడా చదవడంలోనిదే. అప్పటికీ తేడా మిగిలితే అది అనువాదంలోని తేడా, దాన్ని ఫోటో మార్చి సరిచేయలేం.

1500కూ 15కూ మధ్య తగవు తేల్చడం ఇంకా సులువు. పది అంకెల ఆకారాలు ఎవరైనా కాసేపట్లో నేర్చుకోగలరు. సంఖ్యలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. మొత్తాన్ని మాటల్లోనూ రాసి ఉంటే ‘అల్ఫ్’, అంటే వెయ్యి, కనిపించాలి. డబ్బు, తేదీ, గడువు దగ్గర యాప్‌ను అడగడం కన్నా కళ్లతో చూడటమే నమ్మకం.

కంప్యూటర్ ఉన్నవారికి మరో సాక్షి దొరుకుతుంది. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫోటోలోని అక్షరాలను చదువుతుంది, అనువదించదు. అరబ్బీ భాషా ఫైలు కూడా పెట్టుకున్నాక ఈ ఆదేశం చాలు:

```
tesseract patram.jpg patram -l ara
```

ఇది యాప్‌ల కన్నా బాగా చదువుతుందని కాదు. వేరే దారిలో చదువుతుంది కాబట్టి దీని తప్పులు వేరుగా ఉంటాయి, పోలికకు కావలసింది అదే.

సాఫీగా ఉన్న వాక్యం

పాత తరహా యాప్ చదవలేని చోట అర్థంలేని మాటలు పేరుస్తుంది, తప్పని వెంటనే తెలుస్తుంది. పెద్ద భాషా నమూనాలతో నడిచే కొత్త సాధనాలు అలా ఆగవు. ఒప్పందాల్లో మామూలుగా ఉండే వాక్యాన్ని ఊహించి ఖాళీని నింపగలవు. కంపెనీ నీలి ముద్ర అక్షరాల మీద పడిన చోట కూడా నిండు వాక్యం వచ్చిందంటే అనుమానించాలి. వెలుతురు, కోణం మార్చి మళ్లీ ఫోటో తీసి అదే సాధనానికి ఇస్తే, ఊహించిన భాగం చాలాసార్లు మారిపోతుంది. రెండుసార్లూ మారని వాక్యం నిజమని చెప్పలేం గానీ, మారిన వాక్యాన్ని మాత్రం నమ్మకూడదు.

ఇంగ్లీషు మీదుగా వచ్చే తెలుగు

అరబ్బీ నుంచి తెలుగుకు వచ్చే అనువాదం చాలాసార్లు ఇంగ్లీషు మీదుగా వస్తుంది. దీనివల్ల పోయేదేమిటో కుటుంబ పత్రాల్లో బాగా తెలుస్తుంది. అరబ్బీలో తండ్రి సోదరుడు ‘అమ్మ్’, తల్లి సోదరుడు ‘ఖాల్’. మనకూ బాబాయి, మేనమామ వేరు వేరు. మధ్యలో ఉన్న ఇంగ్లీషులో ఇద్దరూ అంకులే కాబట్టి తెలుగులోకి వచ్చేసరికి ఇద్దరూ మామయ్యలు కావచ్చు. రెండు యాప్‌లూ అదే చెప్పినా రెండూ ఒకే దారిన వచ్చినవే. అందుకే ముఖ్యమైన వాక్యాన్ని ఇంగ్లీషులోకీ తెలుగులోకీ విడివిడిగా తీసి చూడాలి. తెలుగు ఫలితాన్ని తిరిగి అరబ్బీలోకి మార్చి సరిచూడటం చాలామందికి అలవాటు. కానీ మొదట వదిలేసిన ‘గైర్’ అలా తిప్పినప్పుడు వెనక్కి రాదు. ఆ పరీక్షకు నేను విలువ ఇవ్వను.

పోలిక చాలని చోట

ఫోటో అవసరమే లేకుండా అసలు పాఠం దొరికితే అదే మేలు. సౌదీలో ప్రైవేటు సంస్థల ఒప్పందాలు కివా అనే ప్రభుత్వ వేదికలో నమోదవుతాయి. కార్మికుడు తన ఖాతాలో ఒప్పందాన్ని చూసుకోవచ్చు. ఇక ‘ముఖాలసా’ అనే పత్రం సంగతి వేరు. నాకు రావలసినదంతా ముట్టింది, ఇకపై ఏ బాకీ అడగను అని కార్మికుడు రాసిచ్చే కాగితం అది. ఎన్ని యాప్‌లు ఒకే మాట చెప్పినా ఆ మాట నమ్మి దాని మీద సంతకం పెట్టవద్దు. ముందు అధీకృత అనువాదకుడి చేత చదివించుకోండి, సందేహం మిగిలితే రియాద్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని గానీ, జెద్దాలోని కాన్సులేట్‌ను గానీ సంప్రదించండి.